మా ముద్రతోనే నకిలీ వార్తాకార్డులు తిరుగుతున్నాయి: చిన్న వెబ్ పత్రిక తన పేరు మీద నమ్మకాన్ని ఎలా నిలబెట్టుకోవాలి?

డెల్టా_వెబ్‌పత్రిక

అందరికీ నమస్కారం. గోదావరి డెల్టాలో రెండు జిల్లాల వార్తలకే పరిమితమైన ఒక చిన్న తెలుగు వెబ్ పత్రికను నడుపుతున్నాను. మా పాఠకులలో చాలామంది మా సైటుకు నేరుగా రారు. శీర్షిక, ఒక ఫొటో, నాలుగు వాక్యాలు, అడుగున మా ముద్ర ఉండే వార్తాకార్డును వాట్సాప్‌లో ఎవరో పంపితే చూస్తారు, చూసి ఇంకొకరికి పంపుతారు. మా పేరు ఊళ్ళలోకి వెళ్ళింది ఆ కార్డుల వల్లనే.

మొన్నటి వరద రోజుల్లో, ఒక లంక గ్రామానికి దగ్గరలో ఏటిగట్టుకు గండి పడిందని ఒక కార్డు రాత్రిపూట తిరిగింది. రంగులు మావే, అక్షరాలు మావే, ముద్ర మాదే, కాని ఆ కార్డు మాత్రం మేము చేసినది కాదు. జనం పిల్లలను, పశువులను తీసుకుని గట్టు మీదికి ఎక్కారు. మేము "ఇది మాది కాదు" అని ప్రకటన ఇచ్చాము గాని, నకిలీ వెళ్ళిన గ్రూపులన్నిటికీ ఆ ప్రకటన వెళ్ళలేదు. మరునాడు మా విలేకరిని ఊరివాళ్ళు నిలదీశారు.

వదంతి ఉచితం, పైగా ఎప్పుడూ మాకంటే ముందే చేరుతుంది. అటువంటప్పుడు "ఈ పేరు మీద వచ్చిందంటే నమ్మవచ్చు" అని పాఠకుడు అనుకునేలా చేయడానికి ఒక చిన్న సంస్థ చేయగలిగిన పని ఏమిటి? పెద్ద బడ్జెట్లు అవసరమయ్యే సలహాలు మాకు పనికిరావని ముందే మనవి చేసుకుంటున్నాను.

రంగులు_రాతలు

డిజైనరుగా నా అభిప్రాయం చెబుతాను. మీ కార్డులను సులువుగా అనుకరించగలిగారంటే వాటికి సొంత వ్యక్తిత్వం లేదని అర్థం. మార్కెట్లో అందరికీ దొరికే ఖతి కాకుండా ప్రత్యేకంగా గీయించుకున్న తెలుగు అక్షరాలు, ఒక స్థిరమైన రంగు, గుర్తుండిపోయే నినాదం ఉండాలి. పాఠకుడు దూరం నుంచే "ఇది వాళ్ళదే" అని పోల్చుకోవాలి. ముద్రను కొత్తగా చేయించుకోవడం నుంచి మొదలుపెట్టండి. "నిజం మాత్రమే" వంటి నినాదం పేరు కిందే ఉంటే మంచిది.

డెస్క్_పాతకాపు

రంగులు_రాతలు గారు చెప్పినది సబ్బుల కంపెనీకి సరిపోతుంది. ఇక్కడ జరిగినది దానికి తలకిందులు. పాఠకుడు దూరం నుంచే పోల్చుకోగలిగినంత స్థిరమైన రూపం ఉండబట్టే నకిలీ చేసినవాడికి పని సులువైంది. ఎంత ప్రత్యేకమైన ఖతి గీయించినా, అసలు కార్డు స్క్రీన్‌షాట్ తీసుకుని మధ్యలోని వాక్యాలు మార్చేవాడికి ఆ ఖతితో పనే లేదు.

ఇది చిన్నవాళ్ళకు మాత్రమే వచ్చిన ఇబ్బంది కూడా కాదు. 2023 తెలంగాణ ఎన్నికలలోను, 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికలలోను వే2న్యూస్ రూపంలో నకిలీ క్లిప్పింగులు విరివిగా తిరిగాయి. "ఇది మా వార్త కాదు" అని వాళ్ళు చెప్పుకోవలసి వచ్చింది, ఫ్యాక్ట్‌లీ వంటి నిజనిర్ధారణ సంస్థలు ఒక్కొక్కదాన్ని విడదీసి చూపవలసి వచ్చింది. పేరున్న దినపత్రికల క్లిప్పింగులకు కూడా అదే గతి పట్టింది. పాఠకుడికి బాగా తెలిసిన పేరు అయితేనే దొంగకు దానితో పని.

కాబట్టి నమ్మకాన్ని కార్డు రూపం మీద నిలపకూడదు, కార్డును సరిచూసుకోగలిగే చోటు మీద నిలపాలి. అసలు క్లిప్పింగు అడుగున లింకు ఉంటుంది, ఆ లింకు తెరిచి చూసి, వార్త అక్కడ లేకపోతే నకిలీ అని తేల్చుకునే పద్ధతి ఇప్పటికే కొంత వాడుకలో ఉంది. అయితే అది పాత్రికేయులు చేసే పని. మీ లంక గ్రామంలోని రైతు చేయగలిగేటంత సులువుగా దానిని మార్చాలి. ప్రతి కార్డుకు ఒక చిన్న సంఖ్య ఇవ్వండి. మీ సైటు మొదటి పేజీలో అన్నిటికంటే పైన ఆ సంఖ్యను కొట్టే గడి ఒకటి ఉండాలి. సంఖ్య కొడితే అసలు కార్డు పూర్తిగా కనిపించాలి. సరిపోలితే మీది, సరిపోలకపోతే కాదు.

సాంకేతిక_వాణి

పాతకాపు గారి సూచనతో ఏకీభవిస్తున్నాను. నేను ఇటువంటి పేజీలు తయారు చేసే పనిలో ఉన్నాను కనుక, ఆచరణలో ఎక్కడ చిక్కుబడుతుందో చెబుతాను.

సంఖ్య బదులు క్యూఆర్ కోడ్ పెడదామని అందరికీ మొదట తోస్తుంది. కాని కార్డు వచ్చినది తన ఫోనులోకే అయినప్పుడు, ఆ ఫోను తెర మీది కోడ్‌ను అదే ఫోను కెమెరాతో చూపడం కుదరదు. బొమ్మను దాచుకుని మరో యాప్‌లో తెరిస్తే చదవవచ్చు గాని, వరద రాత్రి అంత ఓపిక ఎవరికీ ఉండదు. నోటితో చెప్పగలిగిన ఆరంకెల సంఖ్య మేలు. తమ్ముడు పట్నం నుంచి ఫోను చేసి "ఆ కార్డు మీద అంకె ఎంత?" అని అడిగి, తానే చూసి చెప్పగలడు.

నకిలీ చేసేవాడు ఏదో ఒక అసలు సంఖ్యను ఎత్తి తన కార్డు మీద వేస్తాడు కదా అని మీరు అడగవచ్చు. వేయనివ్వండి. ఆ సంఖ్య కొట్టినప్పుడు వేరే వార్త కనిపిస్తుంది, నకిలీ అక్కడే బయటపడుతుంది. అందుకే జవాబు పేజీలో "ఇది మాదే" అనే పచ్చ గుర్తు ఒక్కటే చూపితే ప్రమాదం. కార్డు మొత్తం, పూర్తి శీర్షికతో, పెద్ద అక్షరాలలో కనిపించాలి. పోల్చి చూసే పని పాఠకుడి కళ్ళు చేయాలి. ఆ పేజీలో ప్రకటనలు, వీడియోలు ఉండకూడదు. నెట్‌వర్క్ ఒక్క గీతకు పడిపోయిన ఊళ్ళో కూడా అది తెరుచుకోవాలి.

ఇందులో మీకు ఊరకే కలిసివచ్చే లాభం ఇంకొకటి ఉంది. మీరు ఎన్నడూ ఇవ్వని సంఖ్యను ఒకే గంటలో పలువురు వెతికినా, ఎప్పటిదో పాత కార్డు సంఖ్యను ఉన్నట్టుండి అనేకమంది కొట్టినా, ఎక్కడో నకిలీ మొదలైందని మీ డెస్క్‌కు తెలిసిపోతుంది. మీ వద్దకు ఎవరూ ఫిర్యాదు తేకముందే తెలుస్తుంది. సంఖ్య దొరకనప్పుడు "ఈ కార్డు మేము ఇవ్వలేదు. మీకు వచ్చిన బొమ్మను ఇక్కడ పంపండి" అని ఒక మీట కూడా పెట్టండి.

డెల్టా_వెబ్‌పత్రిక

వాణి గారూ, ఇది మా చేతిలో అయ్యే పనే అనిపిస్తోంది. ఒక సందేహం ఉంది. ఇప్పుడు వాట్సాప్‌లో చానల్ పెట్టుకునే వీలు ఉంది కదా. అక్కడి నుంచి పంపినదే మాది అని చెబితే ఈ సంఖ్యల అవసరమే ఉండదేమో?

సాంకేతిక_వాణి

చానల్ తప్పకుండా పెట్టండి. మన దేశంలో 2023 సెప్టెంబరు నుంచి ఆ సదుపాయం ఉంది. చానల్‌లోని అంశాన్ని నేరుగా ఫార్వర్డ్ చేస్తే దానితోపాటు మీ చానల్‌కు దారి కూడా వెళుతుంది. అంతవరకు మంచిదే. కాని మనవాళ్ళు స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు, లేదా బొమ్మను దాచుకుని స్టేటస్‌లో పెడతారు. ఆ రెండు మెట్లలోనే దారి తెగిపోతుంది. బొమ్మతోపాటు ఎంతదూరమైనా వెళ్ళేది బొమ్మ మీద అచ్చయిన సంఖ్య ఒక్కటే. అందుకే రెండూ ఉంచుకోండి.

డెస్క్_పాతకాపు

ఒక గట్టి చిక్కును ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. వరదల్లో ఎక్కువ హాని చేసేది నకిలీ కార్డు కాకపోవచ్చు, పాత అసలు కార్డు.

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ రోజుల్లో నిజాయితీగా ఇచ్చిన కార్డును ఎవరైనా దాచుకుని, మరో ఏడాది నీరు 45 అడుగులకు రాగానే గ్రూపులో పెడతారు. మీ ముద్ర అసలైనదే, సంఖ్య అసలైనదే, వార్త కూడా ఆనాటికి నిజమే. వాణి గారు చెప్పిన పేజీలో కొడితే కార్డు యథాతథంగా కనిపిస్తుంది. పాఠకుడు దానిని చూసి ధ్రువీకరణ దొరికిందని ఇంకా గట్టిగా నమ్ముతాడు. అంటే మనం పెట్టిన తనిఖీయే వదంతికి ముద్ర వేస్తుంది.

దీనికి రెండు పనులు చేయాలి. కార్డు మీద తేదీ, గంట ముద్ర కంటే పెద్దగా ఉండాలి, ఏడాదితో సహా. తనిఖీ పేజీలో పాత కార్డు పైన "ఇది 2022 జులై నాటిది. నేటి పరిస్థితి ఇక్కడ చూడండి" అనే పట్టీ దానంతట అదే రావాలి. వరద, పరీక్షల వాయిదా, సెలవుల ప్రకటన, ధరలు వంటి వార్తలకు గడువు ఉంటుంది కనుక వాటిని డెస్క్‌లో ఇచ్చేటప్పుడే "గడువు వార్త" అని గుర్తు పెట్టుకోవాలి.

కార్డులోని వాక్యాలు ఎలా ఉండాలో ఒక ఉదాహరణ రాస్తాను. అంకెలు కల్పితం, పద్ధతి చూడండి:

"ధవళేశ్వరం బ్యారేజీ వద్ద సాయంత్రం 6 గంటలకు నీటిమట్టం 13.9 అడుగులు. రెండో ప్రమాద హెచ్చరిక అమలులో ఉంది. చెప్పినవారు: వరద నియంత్రణ గది. ఫలానా ఊరి వద్ద గట్టు తెగిందన్న ప్రచారంపై మా విలేకరి 6.40కి గట్టు మీదికి వెళ్ళి చూశారు. ఊట ఉంది, ఇసుక బస్తాలు వేస్తున్నారు. గండి పడలేదు. అవతలి రేవు వైపు మేము ఇంకా చూడలేదు. తదుపరి కార్డు రాత్రి 8 గంటలకు."

ఇందులో నాలుగు సంగతులు గమనించండి. అంకె ఎవరిది, ఏ గంటది అని ఉంది. ఊటకు, గండికి తేడా చెప్పారు. వదంతి తరచు అక్కడే పుడుతుంది. కట్ట అడుగున నీరు చెమర్చడం చూసినవాడు "గట్టు పోయింది" అంటాడు, అతడు అబద్ధమాడుతున్నాడని అనలేము. మూడోది, తాము చూడనిది చూడలేదని ఒప్పుకున్నారు. చివరిది, తదుపరి కార్డు గంట. రాత్రి 8 గంటలకు పరిస్థితిలో మార్పు లేకపోయినా "మార్పు లేదు" అని కార్డు ఇచ్చి తీరాలి. వదంతిని వేగంలో మీరు గెలవలేరు. ఇస్తామన్న గంటకు ఇవ్వడంలో గెలవవచ్చు, వదంతికి వేళాపాళా ఉండదు. ఒక వరద సీజను ఇలా తప్పకుండా నడిపితే, గండి అన్న మాట వినగానే "ఎనిమిదింటి కార్డు రానీ" అనేవాళ్ళు ఊరికి కొందరు తయారవుతారు. పేరు అంటే నా దృష్టిలో అదే.

2024 సెప్టెంబరులో బుడమేరు గండ్ల వల్ల విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగిన తరువాత, మళ్ళీ గండి పడిందన్న ప్రచారం లేచి అధికారులు ఖండించవలసి వచ్చింది. ఒకసారి మునిగినవారు ఖండనను నమ్మరు, ఏ గట్టును ఎవరు ఎన్ని గంటలకు చూశారో చెబితే నమ్ముతారు.

కిరాణా_రాజమండ్రి

నేను పాత్రికేయుడిని కాను, వ్యాపారిని. అయినా నా అనుభవం పనికివస్తుందేమోనని రాస్తున్నాను. పది రూపాయల నాణెం చెల్లదన్న మాట మన రెండు రాష్ట్రాలలో ఏళ్ళ తరబడి నడిచింది. పత్రికలు, వెబ్‌సైట్లు "అది వదంతి, నాణెం చెల్లుతుంది" అని ఎన్నోసార్లు రాశాయి. మా బజారులో ఒక్కరూ పద్ధతి మార్చుకోలేదు. పైగా "వీళ్ళకేం తెలుసు" అన్నారు. తీసుకోకపోతే రాజద్రోహం కేసు పెడతారని కూడా ఒక వార్త వచ్చింది. దానికీ ఎవరూ భయపడలేదు. మరి నిజం రాస్తే నమ్మకం పెరుగుతుందని మీరంతా ఎలా అంటున్నారు?

డెస్క్_పాతకాపు

కిరాణా గారూ, మీ ప్రశ్న ఈ చర్చకు చాలా అవసరమైనది. ముందు రాజద్రోహం మాట. నాణెం చట్టబద్ధంగా చెల్లుబాటు కావడం నాణేల చట్టం, 2011లోని సంగతి. రూపాయి, అంతకు పైబడిన నాణేలను వెయ్యి రూపాయల మొత్తం వరకు చెల్లింపుగా ఇవ్వవచ్చని అందులో ఉంది. రాజద్రోహానికి దీనితో ఏ సంబంధమూ లేదు. అంటే వదంతిని ఖండించబోయిన వార్త తానే ఇంకొక వదంతిని మోసింది.

ఇక మీ బజారు సంగతి. రిజర్వు బ్యాంకు 2016 నవంబరులో ఒకసారి, 2018 జనవరిలో మరోసారి వివరణ ఇచ్చింది. రూపాయి గుర్తు ఉన్నవీ లేనివీ రెండూ చెల్లుతాయని, అప్పటికి విడుదలైన 14 రకాల డిజైన్లూ అసలైనవేనని చెప్పింది. సందేహం ఉన్నవారు విని తెలుసుకోవడానికి 14440 అనే నంబరు కూడా పెట్టింది. పత్రికలు అంతవరకే రాసి ఊరుకున్నాయి. కాని మీరు నాణెం తీసుకోకపోవడానికి కారణం అది నకిలీ అన్న భయమేనా?

కిరాణా_రాజమండ్రి

నిజం చెప్పాలంటే భయం కాదు. నేను తీసుకుంటే నా వద్ద హోల్‌సేల్ వాళ్ళు తీసుకోరు. సంచి కట్టి బ్యాంకుకు పట్టుకెళితే కౌంటరులో "రేపు రండి" అంటారు. లెక్కపెట్టే ఓపిక వాళ్ళకు లేదు. నాణేలు నా గల్లాలోనే పడి ఉంటాయి. కొనడానికి వచ్చినవారితో ఇదంతా చెప్పేకంటే "చెల్లదు" అనడం సులువు.

డెస్క్_పాతకాపు

వార్త అదే. "చెల్లుతుంది" అని పదోసారి రాసిన పత్రికను పాఠకుడు నమ్మడు, ఎందుకంటే తన కళ్ళ ముందు కొట్టువాడు తీసుకోవడం లేదు. చట్టం చెప్పినది పత్రిక రాసింది, బజారులో జరుగుతున్నది మాత్రం రాయలేదు. హోల్‌సేల్ వ్యాపారిని, బ్యాంకు శాఖ మేనేజరును అడిగి, ఏ శాఖలో ఏ రోజున నాణేలు జమ చేసుకుంటారో రాసి ఉంటే కిరాణా గారికి అక్కరకు వచ్చేది. తీసుకునేది లేదన్న శాఖ పేరూ రాసి ఉండవలసింది, నాణేలు తీసుకోవాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఆదేశాలే ఉన్నాయి కనుక. ఖండన వార్తలో నేను మొదట వెతికేది, ఈ పుకారు వల్ల ఎవరికి ఏ పని సులువవుతోందన్నదే.

మండల_విలేకరి

పెద్దలంతా కార్డులు, పేజీలు అంటున్నారు. నేను మండల స్థాయిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నవాడిని. ఊరివాళ్ళకు పత్రిక అంటే నా ముఖం. ఆ ముఖానికి విలువ ఎందుకు తగ్గిందో కూడా మాట్లాడుకోవాలి. వెనకటికి లైన్ అకౌంట్ కింద, వార్త అచ్చయినంత మేరకు కొంత డబ్బు వచ్చేది. ఇప్పుడు చాలాచోట్ల అదీ లేదు. గుర్తింపు కార్డు చేతిలో పెట్టి, పండుగలకు, నాయకుల పుట్టినరోజులకు ఇంత ప్రకటన తెమ్మని లక్ష్యం పెడతారు. నిన్న ప్రకటన కోసం సర్పంచి ఇంటి ముందు నిలబడ్డవాడు ఈరోజు "గట్టు చూశాను, గండి లేదు" అంటే, సర్పంచికి అనుకూలంగా చెబుతున్నాడని జనం అనుకుంటారు. ఆ అనుమానం తప్పని నేను అనలేను.

డెల్టా గారూ, మీ విలేకరులతో ప్రకటనలు అడిగించడం మానుకోండి. ఆ పనికి వేరే మనిషిని పెట్టండి, అది ఊళ్ళో అందరికీ తెలిసేలా చేయండి. కార్డు మీద సంఖ్య వేయడం కన్నా ఇదే ముందు చేయాలని నా మనవి.

ప్రకటనల_మూర్తి

ఇంతసేపు చదివాను. అందరూ ఖర్చు ఎవరిదో చెప్పకుండా మాట్లాడుతున్నారు. విలేకరికి జీతం, ప్రకటనలకు వేరే మనిషి, రాత్రి 8 గంటల కార్డుకు డెస్క్‌లో మరొకరు. జిల్లా స్థాయి వెబ్ పత్రికకు ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది? రియల్ ఎస్టేట్ వెంచర్లు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు, ఎన్నికలు. ఎన్నికల ప్యాకేజీ మానేస్తే ఏడాది గడవదు. నమ్మకానికి ప్రకటనదారు అదనంగా పైసా ఇవ్వడు, అతడు చూసేది ఎన్ని ఫోన్లకు చేరిందన్నదే. పాఠకుడు చందా కట్టడు. ఇది చేదుగా ఉన్నా నిజం.

డెస్క్_పాతకాపు

మూర్తి గారి లెక్కను నేను పూర్తిగా కొట్టివేయలేను. కాని ఎన్నికల ప్యాకేజీ విషయంలో మన రాష్ట్రానికి పాత చరిత్ర ఉంది. 2009 ఎన్నికలలో డబ్బు తీసుకుని వార్తలుగా అచ్చు వేసిన వ్యవహారాన్ని ఆంధ్రప్రదేశ్ పాత్రికేయుల సంఘమే బయటపెట్టింది, పశ్చిమ గోదావరిలో నమూనా పరిశీలన కూడా జరిపింది. ఆ తరువాత ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010లో ఇచ్చిన నివేదికలో ఆ సంగతులు ఉన్నాయి. పత్రిక మాటకు, కరపత్రం మాటకు తేడా లేదని పాఠకుడు నేర్చుకున్నది అటువంటి ఎన్నికలలోనే. ఆ తేడా పోయినచోట వదంతి పని సులువైంది. డబ్బు తీసుకున్న ప్రతిదాని మీద "ప్రకటన" అని పెద్దగా వేయండి, వాటికి తనిఖీ సంఖ్య ఇవ్వకండి. సంఖ్య ఉన్నది వార్త, లేనిది ప్రకటన అన్న గీత పాఠకుడికి తెలిస్తే, ప్రకటనలు మానకుండానే కొంత నిలబడవచ్చు.

డాలస్_అన్నపూర్ణ

నేను అమెరికాలో ఉంటాను, మా అమ్మానాన్నలు అమలాపురం దగ్గర ఉంటారు. వరద వస్తే మా కుటుంబ గ్రూపులోకి ముందుగా కార్డులు పంపేది ఇక్కడి వాళ్ళమే. మాకు అక్కడ పగలో రాత్రో కూడా తట్టదు, భయంతో పంపేస్తాము. డెల్టా గారి కార్డు మీద భారత కాలమానంలో గంట స్పష్టంగా వేస్తే మాకు ఎంతో ఉపకారం. ఇంకొకటి. తప్పు అని తేలిన కార్డును మీరు మీ వైపు తుడిచేస్తే మా గ్రూపులో కూడా పోతుందా?

సాంకేతిక_వాణి

పోదు, అన్నపూర్ణ గారూ. పంపినవారు "అందరికీ తొలగించు" అన్నా, అది వారు పంపిన ఆ ఒక్క చోటనే, అదీ రెండు రోజులకు కాస్త పైబడిన గడువులోనే పనిచేస్తుంది. అక్కడి నుంచి ఇతరులు ముందుకు పంపిన ప్రతులు అలాగే ఉంటాయి. పలుమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా వాట్సాప్ 2020లో కట్టడి చేసింది. అది వేగాన్ని తగ్గిస్తుంది గాని వెళ్ళినదాన్ని వెనక్కి తేదు. అందుకే సవరణ చేయవలసి వస్తే పాత కార్డును తొలగించకూడదు. అదే సంఖ్య మీద పేజీలో పాత వాక్యాన్ని కొట్టివేసినట్లు చూపి, పక్కన సరైన వాక్యం, సవరించిన గంట, కారణం ఉండాలి. పాత కార్డు మీ గ్రూపులో ఎన్నేళ్ళున్నా, దాని మీది సంఖ్య మిమ్మల్ని సవరణ దగ్గరికే తీసుకువస్తుంది. తుడిచేస్తే ఆ దారి మూసుకుపోతుంది, పైగా "రాసి దాచేశారు" అన్న నింద కూడా వస్తుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం డిజిటల్ వార్తా సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైటులో పెట్టాలి. ఫిర్యాదు అందినట్లు 24 గంటలలో తెలపాలి, 15 రోజులలో తేల్చాలి. చాలామంది దానిని పేజీ అడుగున సన్న అక్షరాలలో పడేస్తారు. దానినే తనిఖీ పేజీలో పైకి తేవచ్చు. వరద వార్తకు 15 రోజులు ఆగకుండా, గడువు వార్తల మీద వచ్చిన ఫిర్యాదుకు అదే పూట జవాబిస్తామని మీరే సొంతంగా నియమం పెట్టుకోండి.

డెల్టా_వెబ్‌పత్రిక

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. వచ్చే వర్షాకాలం లోపల తనిఖీ పేజీ, ఆరంకెల సంఖ్య, గంట పెద్దగా ఉండే కొత్త కార్డు తయారు చేయిస్తాము. పాత కార్డుల పట్టీ కూడా అందులోనే. మండల_విలేకరి గారు చెప్పినది మాత్రం మాకు కష్టమైన పని. ఇద్దరు విలేకరులతో ప్రకటనలు అడిగించడం వెంటనే ఆపగలము, మిగిలినవారికి జీతం చూపించే దారి ఇప్పటికి లేదు. ఆ మండలాలలో "మా విలేకరి చూశారు" అన్న వాక్యం వేయకుండా, అధికారి మాటను ఆయన హోదాతో వేయడమే న్యాయమేమోనని ఆలోచిస్తున్నాము.

మండల_విలేకరి

అలా వేస్తే ఆ మండలంలో మీకు మనిషి లేడనే అనుకుంటారు. అయినా అబద్ధపు సాక్ష్యం కంటే అది నయమే. కాని గట్టు మీదికి అధికారి కూడా వెళ్ళని రాత్రి ఏం వేస్తారో అది కూడా ఆలోచించుకోండి.

ప్రకటనల_మూర్తి

నేను నా మాట మీదే ఉన్నాను. అయితే ఒక ప్రయోగం చేసి చూడమంటాను. తనిఖీ పేజీలో ప్రకటనలు వద్దన్నారు కదా, సరే. వరద రోజుల్లో ఆ పేజీకి ఎంతమంది వచ్చారో లెక్క తీసి, ఆ లెక్కతో ఎరువుల డీలర్లను, జిల్లా సహకార బ్యాంకును సాదా రోజుల ప్రకటనల కోసం అడగండి. ఇస్తారో లేదో నాకు నమ్మకం లేదు. ఇస్తే మాత్రం ఇక్కడికి వచ్చి చెప్పండి, నా అభిప్రాయం అప్పుడు మార్చుకుంటాను.